సోర్సు ఫైలు పోయిన పీడీఎఫ్‌కు లింకులు: అక్షరాన్ని ముట్టుకోకుండా పైన పెట్టెలు గీయడం

ప్రశ్న: మాది పర్లాకిమిడి. తెలుగు భాషా దినోత్సవానికి మా సంఘం వేసిన ప్రత్యేక సంచిక 84 పేజీల పీడీఎఫ్‌గా ఉంది. పేజ్‌మేకర్ ఫైలు డీటీపీ చేసినాయన హార్డ్‌డిస్కుతోపాటే పోయింది. విషయసూచికలో వ్యాసం పేరు నొక్కితే ఆ పేజీకి వెళ్ళాలి, పాటల వ్యాసంలో యూట్యూబ్ లింకులు తెరుచుకోవాలి. వర్డ్‌లోకి మార్చి చూశాం, అక్షరాలన్నీ పాడైపోయాయి. మళ్ళీ టైపు చేయించకుండా కుదురుతుందా?

సమాధానం:

కుదురుతుందండీ. ఒక్క అక్షరం కూడా మళ్ళీ టైపు చేయించనక్కర్లేదు. బరంపురంలో ఇరవై ఏళ్ళుగా డీటీపీ పని చేస్తున్నాను. ఇలా సోర్సు పోయిన సంచికలు, పంచాంగాలు, స్కూలు మ్యాగజైన్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. అన్నిటికీ ఒకటే పద్ధతి.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. పీడీఎఫ్‌లో లింకు అక్షరాల్లో ఉండదు. అక్షరాలు, బొమ్మలు, గీతలు ఒక పొర. లింకు దాని మీద విడిగా పరిచిన కనిపించని పెట్టె. పాత ఆఫ్‌సెట్ రోజుల్లో పేజీ మీద ట్రేసింగ్ పేపరు పరిచి, కరెక్షన్లు దాని మీద రాసేవాళ్ళం, కింద పేజీకి మచ్చ కూడా పడేది కాదు. ఇదీ అంతే. పెట్టె ఎక్కడుంది, నొక్కితే ఎక్కడికి పోవాలి అన్న రెండు విషయాలే అందులో ముఖ్యం. కింద ఉన్నది తెలుగా, ఒడియానా, స్కాన్ చేసిన బొమ్మా అన్నది దానికి పట్టదు. ఫైలు లోపల ఒక లింకు ఇలా ఉంటుంది:

```
<< /Type /Annot /Subtype /Link
   /Rect [60 520 535 542]
   /Border [0 0 0]
   /Dest [212 0 R /XYZ null null null] >>
```

ఇది మీరు చేత్తో రాయాల్సింది కాదు, ఎడిటరే రాసుకుంటుంది. `/Rect` తర్వాతి నాలుగు అంకెలు పెట్టె కొలతలు: ఎడమ, అడుగు, కుడి, పై అంచు. పేజీ కింది ఎడమ మూల నుంచి పాయింట్లలో కొలుస్తారు, అంగుళానికి 72 పాయింట్లు. ఆఖరి వరుసలో ఉన్నది వెళ్ళాల్సిన పేజీ. ఆ 212 పేజీ నంబరు కాదు, ఫైలు లోపల ఆ పేజీకి ఉన్న గుర్తు. ఈ తేడా తర్వాత పనికొస్తుంది.

ఇక వర్డ్‌లో అక్షరాలు ఎందుకు పాడయ్యాయో చెబుతాను, ఎందుకంటే ఎడిటర్ ఎంపిక దీని మీదే ఆధారపడి ఉంటుంది. మన ప్రాంతంలో పేజ్‌మేకర్‌లో చేసిన తెలుగు చాలావరకు అను ఫాంట్లలో ఉంటుంది, ఒడియా పేజీలు ఆకృతిలో ఉంటాయి. ఇవి యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాలు ఉండే స్థానాల్లో తెలుగు గుణింతాల ముక్కలు పెట్టి చేసిన ఫాంట్లు. పీడీఎఫ్ తయారైనప్పుడు ఆ ఫాంటు ముక్కలు ఫైల్లోనే కలిసిపోతాయి కాబట్టి కంటికి తెలుగే కనిపిస్తుంది. వర్డ్‌లోకి మార్చగానే ఫాంటు ఊడిపోయి, అడుగునున్న ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు బయటపడతాయి. పరీక్ష చాలా తేలిక: పీడీఎఫ్‌లో ఒక తెలుగు వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేయండి. పిచ్చి అక్షరాలు వస్తే మీది అలాంటి ఫైలే.

అందుకని పీడీఎఫ్‌ను విప్పి మళ్ళీ కట్టే ఏ సాధనమూ మీకు పనికిరాదు. వర్డ్ వద్దు. లిబ్రే ఆఫీస్ డ్రా కూడా వద్దు, అది పేజీని ముక్కలు ముక్కలుగా తెరిచి, మీ కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్లతో మళ్ళీ పేర్చుతుంది. ఉన్న పేజీని అలాగే వదిలి పైన పెట్టె గీయగలిగే ఎడిటర్ కావాలి. అక్రోబాట్ ప్రోలో ఈ పని బాగా జరుగుతుంది, ట్రయల్ కూడా దొరుకుతుంది. ఉచితంగా ఇచ్చే అక్రోబాట్ రీడర్‌లో లింకులు గీయడం కుదరదు. సెజ్డా అనే ఎడిటర్‌లోనూ లింకు గీయవచ్చు, వెబ్‌సైటుకైనా, అదే ఫైల్లోని పేజీకైనా. కాకపోతే ఉచిత వాడకానికి పేజీల మీద, ఫైలు సైజు మీద పరిమితులు పెడతారు, మీ సంచిక అందులో పడుతుందో లేదో చూసుకోండి. ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: సంచిక చివర సభ్యుల చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉంటే ఆ ఫైలును ఆన్‌లైన్ ఎడిటర్లలోకి ఎక్కించకండి. మీ కంప్యూటర్‌లో నడిచే ఎడిటర్‌లోనే చేయండి.

ఎడిటర్ తెరిచే ముందు కాగితం మీద చేయాల్సిన పని ఒకటి ఉంది. నన్నడిగితే మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. విషయసూచికలో అచ్చయిన పేజీ నంబరు, పీడీఎఫ్ లెక్కపెట్టే పేజీ నంబరు ఒకటి కావు. పీడీఎఫ్‌కు ముఖచిత్రమే ఒకటో పేజీ. మీ సంచిక నేను చూడలేదు కాబట్టి ఇలాంటి 84 పేజీల సంచిక మామూలుగా ఎలా ఉంటుందో దాంతో లెక్క చూపిస్తాను. ముఖచిత్రం, లోపలి అట్ట, ప్రకటన, సంపాదకవర్గం కలిపి నాలుగు పేజీలు. విషయసూచిక 5, 6 పేజీలు. అచ్చులో 1 అని నంబరు పడ్డ పేజీ పీడీఎఫ్‌లో 7వది. అంటే ఆరు కలపాలి. అచ్చులో 12వ పేజీ పీడీఎఫ్‌లో 18.

ఇక్కడిదాకా అందరూ చేస్తారు. దెబ్బ తగిలేది మధ్యలో. ఇలాంటి సంచికల్లో నడిమధ్య రంగుల ఫొటోల పేజీలు నాలుగు కుడతారు, వాటికి నంబర్లు వేయరు. అచ్చులో 40వ పేజీ పీడీఎఫ్‌లో 46. ఆ తర్వాత 47 నుంచి 50 వరకు ఫొటోలు. అచ్చులో 41వ పేజీ పీడీఎఫ్‌లో 51వది అవుతుంది. అంటే అక్కడి నుంచి ఆరు కాదు, పది కలపాలి. ఒకసారి ఒక కళాసమితి సంచికకు లింకులు పెట్టి, మొదటి పది వ్యాసాలు నొక్కి చూసి, అన్నీ సరిగానే ఉన్నాయని పంపేశాను. ఫొటోల తర్వాత ఉన్న పద్నాలుగు వ్యాసాలూ నాలుగు పేజీల ముందే తెరుచుకున్నాయి. ఆ వ్యాసాల్లో ఒకటి రాసిన పెద్దాయన ఫోన్ చేసి, నా పేరు నొక్కితే వేరేవాళ్ళ కవిత వస్తోంది బాబూ అన్నారు. ఆయన గొంతు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ఫైలు తెరవకముందే నంబర్లు లేని పేజీలన్నీ లెక్కపెట్టి, విషయసూచిక ప్రింటు మీద ప్రతి పేరు పక్కన పీడీఎఫ్ పేజీ నంబరు ఎర్ర పెన్నుతో రాసుకుంటున్నాను. ఇరవై నాలుగు వ్యాసాలకు పది నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు ఒక్క వరుస తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. విషయసూచికలో "గిడుగు వారి పర్లాకిమిడి రోజులు ........ 43" అని ఉందనుకోండి. ఫొటోల తర్వాతి పేజీ కాబట్టి 43కు పది కలిపితే 53. అక్రోబాట్ ప్రోలో ఫైలు తెరిచి, ముందు వేరే పేరుతో సేవ్ చేసుకోండి. మీ దగ్గర ఇప్పుడు మిగిలింది ఆ ఒక్క పీడీఎఫే, అసలు ఫైలు మీద పని చేయొద్దు. పీడీఎఫ్ ఎడిట్ చేసే పరికరాల్లో `Link` అని ఉంటుంది, దానిలో వెబ్ లేదా డాక్యుమెంట్ లింకు పెట్టే దాన్ని ఎంచుకోండి. మౌసు ప్లస్ గుర్తుగా మారుతుంది. వ్యాసం పేరుకు ఎడమ నుంచి మొదలుపెట్టి, చుక్కల మీదుగా, చివరి 43 దాటేదాకా వరుసంతా కలిసేలా పెట్టె గీయండి.

పేరు మీద మాత్రమే గీస్తే చాలదా అని అడుగుతారు. కంప్యూటర్‌లో చాలు. మీ సంచిక చదివేది ఫోన్లో. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, ఫోను తెర ఏడు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే పేజీ మూడో వంతుకు కుదించుకుపోతుంది. 22 పాయింట్ల ఎత్తున్న పెట్టె కాగితం మీద దాదాపు 8 మిల్లీమీటర్లు, ఫోన్లో రెండున్నర మిల్లీమీటర్లే. వేలికి అది చాలా సన్నం. ఎత్తు పెంచడానికి వరుసల మధ్య చోటు ఉండదు, కాబట్టి అడ్డంగా వరుసంతా ఇచ్చేయాలి. రెండు వరుసల మధ్య ఖాళీని కూడా సగం పైదానికి, సగం కిందిదానికి పంచండి, కానీ పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కితే ఆ చోట ఏది తెరుచుకుంటుందో చదివేవాళ్ళకు అంతుపట్టదు.

పెట్టె గీసి వదలగానే చిన్న కిటికీ వస్తుంది. `Link Type` దగ్గర `Invisible Rectangle` పెడితే ఏమీ కనిపించదు. విషయసూచికకు అదే బాగుంటుంది, జనం పేర్లు నొక్కి చూడటం అలవాటే. యూట్యూబ్ లింకులకు మాత్రం `Visible Rectangle` తీసుకుని, `Line Style` దగ్గర అండర్‌లైన్ ఎంచి, నీలం రంగు ఇవ్వండి. అక్షరాలను ముట్టుకోకుండానే కింద గీత వచ్చి, ఇది నొక్కేదని తెలుస్తుంది. కింద `Go to a page view` ఎంచి `Next` నొక్కండి. ఇప్పుడు ఇంకో చిన్న పెట్టె తెర మీద నిలబడి ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి, పేజీ నంబరు గడిలో 53 కొట్టి ఆ పేజీకి వెళ్ళి, వ్యాసం శీర్షిక కళ్ళతో చూసి, అప్పుడు `Set Link` నొక్కండి. మీరు మళ్ళీ విషయసూచికకే వచ్చేస్తారు. లింకు పడింది.

ఇందులో ఒక చిక్కుంది. `Set Link` నొక్కిన క్షణాన మీ తెర మీద పేజీ ఎంత పెద్దదిగా ఉందో, ఎక్కడికి జరిగి ఉందో అది కూడా లింకులో కలిసిపోతుంది. మీరు 150 శాతంలో పేజీ మధ్యలో నిలబడి నొక్కితే, చదివేవాళ్ళ తెర మీద కూడా పేజీ అలాగే ఉబ్బి, శీర్షిక పైకి పోయి తెరుచుకోవచ్చు. పైన చూపించిన ముక్కలో `/XYZ` పక్కన మూడు `null`లు ఉన్నాయి కదా, అవి ఉంటే చదివేవాళ్ళ తెర ఎలా ఉందో అలాగే ఉంచి పేజీ మాత్రం మార్చమని అర్థం. అందుకని లింకు పరికరంతో పెట్టె మీద రెండుసార్లు నొక్కి, `Actions` అనే చోట ఆ పేజీ చర్యను ఎంచి ఎడిట్‌కు వెళితే జూమ్ అడుగుతుంది. అక్కడ `Inherit Zoom` పెట్టండి. ఇరవై నాలుగు లింకులకూ ఇలా చేయడం విసుగనిపిస్తే, కనీసం అన్నీ పేజీ మొత్తం కనిపించే సైజులో ఉంచి సెట్ చేయండి. పేజీలు ఒక్కొక్కటి ఒక్కో సైజులో గెంతుతుంటే పెద్దవాళ్ళు ఫోను పక్కన పెట్టేస్తారు.

ఇక యూట్యూబ్ లింకులు. అదే కిటికీలో `Open a web page` ఎంచి చిరునామా ఇవ్వాలి. చిరునామా `https://` తో సహా పూర్తిగా ఉండాలి. `www` తో మొదలుపెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని వెబ్‌సైటు అనుకోవు, ఆ పేరుతో కంప్యూటర్‌లో ఫైలు వెతుకుతాయి. వాట్సాప్ నుంచి కాపీ చేసినప్పుడు ఒక్కోసారి చివర ఖాళీ అంటుకుని వస్తుంది, అది చెరిపేయండి. తెలుగు అక్షరాలున్న చిరునామాలతో ఇంకో జాగ్రత్త. తెలుగు వికీపీడియాలో బరంపురం పేజీకి లింకు ఇవ్వాలనుకున్నారనుకోండి. పీడీఎఫ్ లింకులో చిరునామా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులతోనే ఉండాలన్నది నియమం. తెలుగు అక్షరాలను శాతం గుర్తుల్లోకి మార్చి ఇవ్వాలి, 'బ' అయితే `%E0%B0%AC`. మీరు మార్చనక్కర్లేదు. బ్రౌజర్‌లో ఆ పేజీ తెరిచి, పైన చిరునామా మొత్తం ఎంచి కాపీ చేస్తే చాలావరకు శాతం గుర్తులతోనే వస్తుంది. తెలుగుగానే వచ్చిందంటే పని చేస్తుందో లేదో తప్పకుండా రెండు మూడు ఫోన్లలో చూడండి.

పాటల రికార్డింగులు యూట్యూబ్‌లో కాక గూగుల్ డ్రైవ్‌లో ఉంటే, అందరికీ అనుమతి ఇచ్చారో లేదో ముందే చూసుకోవాలి. మీ ఫోన్లో మీరు లాగిన్ అయి ఉంటారు కాబట్టి మీకు ఎప్పుడూ తెరుచుకుంటుంది, మిగతావాళ్ళకు అనుమతి అడగమని వస్తుంది. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి అక్కడ పేస్టు చేస్తే బయటివాళ్ళకు ఏం కనిపిస్తుందో మీకూ అదే కనిపిస్తుంది. అచ్చయిన ఫైల్లో చిరునామా పొరపాటైతే ఎడిటర్‌లో దిద్దుకోవచ్చు గానీ, వందమందికి పంపేశాక వాళ్ళ ఫోన్లలో దిద్దలేం కదా.

ఇక్కడే చాలామంది మోసపోయే విషయం చెప్పాలి. పేజీలో వెబ్ చిరునామా ఇంగ్లీషులో అచ్చయి ఉంటే, అక్రోబాట్ రీడర్ దాన్ని గుర్తుపట్టి తనంతట తాను లింకుగా చూపిస్తుంది. దాని సెట్టింగుల్లో `Create links from URLs` అని ఉంటుంది. అది చూసి లింకు ముందే ఉందిలే అనుకుంటారు. ఫైల్లో ఏమీ ఉండదు, ఆ సాఫ్ట్‌వేర్ చూపిస్తున్న మర్యాద అది. అలా గుర్తుపట్టని యాప్‌లో అదే ఫైలు తెరిస్తే నొక్కినా ఉలకదు పలకదు. తేల్చుకోవాలంటే అక్రోబాట్ ప్రోలో లింకు పరికరం తీసుకోండి. ఫైల్లో నిజంగా ఉన్న లింకులన్నిటి చుట్టూ గీతల పెట్టెలు కనిపిస్తాయి. పెట్టె లేనిచోట లింకు లేదు. చిరునామా రెండు వరుసల్లోకి విరిగి ఉంటే ఆ ఆటోమేటిక్ గుర్తింపు మొదటి వరుస మాత్రమే పట్టుకుని తప్పు పేజీకి పంపవచ్చు కూడా. కాబట్టి ప్రతి చిరునామా మీదా మీరే పెట్టె గీయండి. రెండు వరుసలుంటే రెండు పెట్టెలు, రెండిటికీ అదే పూర్తి చిరునామా.

వ్యాసం చదివాక మళ్ళీ విషయసూచికకు రావడం ఎలా అన్నది మీరు అడగలేదు, కానీ 84 పేజీల ఫైల్లో అది లేకపోతే మొదటి సగం పని వృథా అయినట్టే. ప్రతి పేజీ అడుగున ఉన్న పేజీ నంబరు మీద, విషయసూచికకు వెళ్ళే పెట్టె పెట్టండి. ఒక లింకు గీసి, దాన్ని కాపీ చేసి పేజీ పేజీలో పేస్టు చేస్తూ పోవచ్చు. డెబ్బైకి పైగా పేజీలు కాబట్టి ఓపిక కావాలి. మీ సంఘంలో పైథాన్ తెలిసిన కుర్రాళ్ళెవరైనా ఉంటే `pip install pymupdf` చేసి ఈ కొద్ది వరుసలు నడిపితే నిమిషం పని:

```python
import fitz
doc = fitz.open("sanchika.pdf")
for n in range(6, 82):
    if 46 <= n <= 49:
        continue
    p = doc[n]
    w, h = p.rect.width, p.rect.height
    box = fitz.Rect(w/2 - 40, h - 50, w/2 + 40, h - 15)
    p.insert_link({"kind": fitz.LINK_GOTO, "from": box,
                   "page": 4, "to": fitz.Point(0, 0)})
doc.save("sanchika-links.pdf")
```

ఇందులో పేజీలు సున్నా నుంచి లెక్క. 4 అంటే పీడీఎఫ్ 5వ పేజీ, అంటే విషయసూచిక. 6 నుంచి అంటే 7వ పేజీ నుంచి మొదలై 82వ పేజీ దాకా వెళుతుంది, మధ్యలో ఫొటోల పేజీలు 47 నుంచి 50 వరకు వదిలేస్తుంది. ఆఖరి రెండు పేజీలు వెనక అట్టలు. ఇక్కడ కొలత పై అంచు నుంచి కిందికి, ఇందాక చెప్పిన పీడీఎఫ్ సొంత లెక్కకు తలకిందులు. పేజీ నంబరు మధ్యలో కాక బయటి మూలల్లో ఉంటే, సరి పేజీలకు ఎడమకూ, బేసి పేజీలకు కుడికీ పెట్టె జరపాలి. పేజీ సైజు మీదీ ఏ4 కాకపోయినా ఫరవాలేదు, వెడల్పు, ఎత్తు ఫైలు నుంచే తీసుకుంటోంది. ఇదే పద్ధతిలో వ్యాసాల పేర్లు వెతికించి లింకులు పెట్టించవచ్చు కదా అని వాళ్ళు అంటారు. యూనికోడ్ ఫైలైతే ప్రయత్నించవచ్చు. అను ఫాంటులో తెలుగు పేరు ఇచ్చి వెతికితే ఒక్కటీ దొరకదు, నోట్‌ప్యాడ్ పరీక్షలో చూసింది అదే. విషయసూచిక చేత్తోనే గీయాలి.

ఒక్కోసారి లింకు పరికరమే మసకబారి, నొక్కనివ్వదు. అప్పుడు ఫైలు ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ చూడండి. మార్పులకు అనుమతి లేదని ఉంటే, పీడీఎఫ్ చేసినప్పుడు ఎవరో పాస్‌వర్డు పెట్టారన్నమాట. మీ సంచికే కాబట్టి డీటీపీ చేసినాయనను అడిగితే పాస్‌వర్డు గుర్తుండే ఉంటుంది, హార్డ్‌డిస్కు పోయినా అది పోదు. డిజిటల్ సంతకం ఉన్న ఫైలైతే మాత్రం చేయి పెట్టకండి. కలెక్టరేటు ఉత్తర్వు, రిజిస్ట్రేషన్ పత్రం లాంటివి సంచికతో కలిపి పంపాలనుకుంటే వాటిని విడి ఫైళ్ళుగానే ఉంచండి. ఒక్క లింకు పెట్టినా ఆ ఫైలు సంతకం తర్వాత మారిందని చూపిస్తుంది.

లింకులన్నీ పెట్టాక వాటిని చంపేది మన చేతి అలవాటే. సేవ్ చేయడానికి బదులు ప్రింటుకు వెళ్ళి `Microsoft Print to PDF` ఇస్తారు. పేజీలు అచ్చంగా అలాగే వస్తాయి, లింకుల పొర మాత్రం రాదు. ఎందుకంటే ప్రింటరుకు పంపేది కంటికి కనిపించేదే, కనిపించని పెట్టెలు కాదు. సైజు తగ్గించే వెబ్‌సైట్లలో కొన్ని కూడా పేజీలను బొమ్మలుగా మార్చి ఇస్తాయి, వాటితోనూ ఇదే గతి. అందుకని సైజు తగ్గించాలన్నా, పేజీలు కలపాలన్నా అవన్నీ ముందు చేసుకుని, లింకులు ఆఖర్న పెట్టండి. తగ్గించిన తర్వాత ఫొటోల పేజీల కింద పేర్లు చదవడానికి వస్తున్నాయా అనీ అప్పుడే చూసుకోండి.

లింకులు పెట్టాక ఒక పేజీలో అచ్చుతప్పు బయటపడిందనుకోండి. ఇక్కడ ఇందాకటి 212 గుర్తు మనకు పనికొస్తుంది. లింకు నంబరును కాదు, ఆ పేజీనే పట్టుకుని ఉంటుంది కాబట్టి, ముందు ఇంకో ప్రకటన పేజీ చేర్చినా లింకులు దారి తప్పవు, పేజీతోపాటే జరుగుతాయి. తప్పున్న పేజీని తీసేసి కొత్తది చేరిస్తే మాత్రం ఆ పేజీకి వచ్చే లింకు తెగిపోతుంది, దాని మీదున్న పెట్టెలూ పోతాయి. తీసేయడం కాదు, అక్రోబాట్‌లో పేజీల అమరిక దగ్గర `Replace` వాడండి. అది అక్షరాలు, బొమ్మల పొరను మాత్రం మార్చి, లింకులను ఉన్నచోటే ఉంచుతుంది. ఆ ఒక్క పేజీ కొత్తగా టైపు చేయించాల్సి వస్తే, సైజు పాతదానితో సమానంగా ఉండేలా చెప్పండి, లేకపోతే పెట్టెలు పక్కకు పడతాయి.

పరీక్షకు నేను ఎప్పుడూ మూడు చోట్ల చూస్తాను: కంప్యూటర్‌లో అక్రోబాట్ రీడర్, కంప్యూటర్‌లోనే క్రోమ్, ఒక మామూలు ఆండ్రాయిడ్ ఫోను. ప్రతి లింకూ నొక్కుతాను, వచ్చిన పేజీ శీర్షికను ఎర్ర పెన్ను రాసిన కాగితంతో సరిచూసుకుంటాను. వెబ్ లింకు నొక్కినప్పుడు ఈ ఫైలు ఫలానా సైటుకు వెళ్ళాలనుకుంటోంది, ఒప్పుకుంటారా అని రీడర్ అడుగుతుంది. అది తప్పు కాదు, ఎవరైనా భయపడి ఫోన్ చేస్తే `Allow` నొక్కమని చెప్పండి. కొన్ని ఫోన్లలో ముందే ఉండే వ్యూయర్లు పేజీని బొమ్మలా చూపించి లింకులను పట్టించుకోవు. దానికి మనం ఫైల్లో చేయగలిగింది లేదు. అందుకని వాట్సాప్ గ్రూపులో పంపేటప్పుడు ఫైలును డాక్యుమెంటుగా పంపి, లింకులు కదలకపోతే అక్రోబాట్ రీడర్‌లో తెరవమని ఒక వాక్యం తెలుగులోనూ, ఒడియాలోనూ పెట్టండి. పాటల వ్యాసంలో యూట్యూబ్ చిరునామాలు పేజీ మీద కంటికి కూడా కనిపించేలా అచ్చయి ఉంటే వాటిని అలాగే ఉండనివ్వండి, ప్రింటు తీసుకుని చదివేవాళ్ళకు అవే దారి.

మొదట ఆ గిడుగు వారి వరుస లాంటిది ఒక్కటే చేసి, సేవ్ చేసి, మీ ఫోన్లో నొక్కి చూడండి. ఫొటోల తర్వాతి వ్యాసం కాబట్టి మీ పేజీల లెక్క సరిగా ఉందో లేదో ఆ ఒక్క లింకే చెప్పేస్తుంది.